సంచిలో ఎక్కువైన పదహారొందలు

నిన్న సాయంత్రం డబ్బు సంచి మూడోసారి బోర్లించి లెక్కపెట్టాను. మళ్లీ పదివేలే. నాకు ముచ్చెమటలు పట్టాయి.

మా అత్తకు మోకాలు వాచి, నిన్న పొద్దున మొదటిసారి ఆ సంచి నా చేతికొచ్చింది. అందులో పదకొండు వేలు. అదే మా చేపల కొట్టు పెట్టుబడి, అదే మా తిండి. పెళ్లయి పదేళ్లయినా ఆవిడ దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. మొదటి రోజే తక్కువొస్తే ఏమంటుంది? దొంగ అంటుంది. పైకి అనకపోయినా అనుకుంటుంది, అది ఇంకా ఘోరం.

జరిగింది ఇంతే. ఆస్పత్రి క్యాంటీన్ ఆయన శుభ్రం చేసిన చేప ముక్కలు ముప్పై కిలోలు అడిగాడు. రోజూ తీసుకుంటానని ఆశ పెట్టాడు. కిలో రెండొందల చొప్పున యాభై కిలోల చేపలు కొన్నాను. పొలుసు, తల, పేగులు, తోకా పోగా వందకి నలభై పోతుందని నాకు తెలుసు. రెండొందలకి నలభై శాతం ఎనభై, కలిపితే రెండొందల ఎనభై. ఐసు కిలో ముక్కలకి పది. నా లాభం ఇరవై. కిలో మూడొందల పదికి ఇచ్చేశాను. సాయంత్రానికి సంచిలో పదకొండు వేల ఆరొందలుండాలి కదా!

పదహారొందలు ఏమైనట్టు? కొట్టంతా వెతికాను. ఐసు పెట్టె కింద చెయ్యి పెట్టి చూశాను. చేపలు కోసే ముసలాయన్ని అనుమానించాను కూడా, పాపం. నా లెక్క తప్పేమోనని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. తెలివైనదాన్ని కదా.

చివరికి బియ్యం డబ్బా అడుగున దాచుకున్న నా సొంత డబ్బు తీశాను. పుచ్చిన దవడపన్ను పీకించుకోవడానికి దాచినవి. పదహారొందలు లెక్కపెట్టి సంచిలో వేశాను. పన్ను సలుపుతూనే ఉంది, కానీ ఆ భయం ముందు అదేపాటి?

ఇవాళ మధ్యాహ్నం అత్త కుంటుకుంటూ కొట్టుకి వచ్చింది. క్యాంటీన్ ఆయన నెల బేరం ఖాయం చేసుకోవడానికి సాయంత్రం వస్తాడు. ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని నోట్లు లెక్కపెట్టింది. నేను కత్తిపీట కడుగుతున్నట్టు నటిస్తున్నాను.

"పదకొండు వేల ఆరొందలు," అంది. "ఎంతకిచ్చావ్?"

"మూడొందల పదికి అత్తా."

కొన్నదీ అమ్మినదీ ఆవిడ మనసులోనే లెక్క కట్టింది. "ఇందులో పదివేలే ఉండాలి కదే. ఈ పైది ఎక్కణ్నుంచొచ్చింది?"

తక్కువైతే దొంగనవుతానని భయపడ్డాను. ఎక్కువై దొరికిపోయాను.

"ఎవరి దగ్గరైనా అప్పు చేశావా? నిజం చెప్పు."

"నావే," అన్నాను. ఏడుపొచ్చేసింది. "డబ్బు ఎక్కడో పడిపోయిందనుకున్నా."

ఆవిడ పక్క కొట్టులోంచి ఒక చేపను తెప్పించి తక్కెట్లో పెట్టింది. సరిగ్గా కిలో. దాన్ని నాతోనే కోయించి, ముక్కలు మాత్రం మళ్లీ తూయించింది. ఆరొందల గ్రాములు.

"నువ్వు పోసిన రెండొందలు ఇప్పుడు ఈ ఆరొందల గ్రాముల మీదే ఉన్నాయి. పేగుల మీద పోసిన డబ్బు ఎవరిస్తారు? కిలో ముక్కలకి ఎంతయినట్టు?"

వేళ్ల మీద లెక్కేశాను. మూడొందల ముప్పై మూడు. ఐసు కలిపితే మూడొందల నలభై మూడు. ఒక్క నోటూ ఎక్కడా పడిపోలేదు. కిలోకి ముప్పై మూడు చొప్పున నేనే చేతులారా ఇచ్చేశాను. రోజుకి వెయ్యి.

"నువ్వు తక్కువొచ్చిందని చెప్పుంటే నిన్నే తెలిసేది," అంది అత్త. "నువ్విలా నింపింది చూసి, లాభమేననుకుని నెల బేరానికి నేను సరేననేదాన్ని. పదకొండు రోజుల్లో సంచి ఖాళీ."

అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఆవిడంటే కాదు, ఆ పదకొండు రోజులంటే.

సాయంత్రం క్యాంటీన్ ఆయన నవ్వుతూ వచ్చాడు. అత్త నా వైపు చూసింది. "రేటు నువ్వే చెప్పు."

"మూడొందల అరవై అయిదు," అన్నాను.

"నిన్న మూడొందల పదన్నావ్! ఆటలా?"

"తప్పు లెక్క కట్టానండీ. నిన్నటి నష్టం మాదే."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "మూడొందల నలభై. నెలంతా రోజూ ముప్పై కిలోలు. ఆలోచించుకో."

రోజూ ముప్పై కిలోలు! నోట్లో నీళ్లూరాయి. కిలోకి మూడు రూపాయలే కదా తక్కువ, సర్దుకోవచ్చుగా అనిపించింది. అత్త వైపు చూశాను. ఆవిడ తక్కెడ తుడుస్తోంది, తలెత్తలేదు. మూడు ముప్పైలు తొంభై, రోజూ సంచిలోంచే పోతాయని లెక్కేసుకున్నాను.

"గిట్టదండీ," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను.

అత్త సంచిలోంచి పదహారొందలు తీసి నా చేతిలో పెట్టింది. "ముందు ఆ పన్ను పీకించుకో. రాత్రంతా మూలుగుతున్నావ్." తర్వాత పదివేలున్న సంచి నా ఒళ్లో పడేసింది. "రేపూ చేపలు కొనడానికి నువ్వే వెళ్లు. తక్కువొస్తే తక్కువే తెచ్చి చూపించు."