ఒకే డబ్బాలో ఇద్దరి అన్నం

గచ్చిబౌలిలోని ఆ ఆఫీసు బిల్డింగు గేటు దగ్గర వీరేశం కాపలా ఏళ్ల తరబడి నడుస్తోంది. బామ్మర్ది శివశంకర్‌ను ఊరినుంచి రప్పించి, బోరబండలో తన ఇంట్లోనే పెట్టుకొని, ఈ బిల్డింగులో పనిప్పించింది అతనే. ఇప్పుడా శివశంకర్ సూపర్‌వైజర్. వీరేశం ఇంకా గేటు దగ్గరే. ఇంట్లో భార్య చంద్రమ్మ "మా తమ్ముడు" అని మొదలుపెడితే చాలు, అతనికి ముద్ద దిగేది కాదు.

కరెంటు గదులు, జనరేటరు, టెర్రస్ తాళాలన్నీ ఇదివరకు వీరేశం నడుముకే వేలాడేవి. ఏ తలుపు తీయాలన్నా అతన్నే పిలవాలి. శివశంకర్ ఆ గుత్తిని తన గదిలో కొక్కేనికి తగిలించి, దానికో నల్లబిళ్ల కట్టి ఫోనుతో జతచేశాడు. ఫోనులో నొక్కితే బిళ్ల కూసేది. పై అంతస్తుకు వెళ్లి నొక్కితే కూయలేదు. బ్లూటూత్ దగ్గరుంటేనే అందుతుందనీ, గోడలు అడ్డమొస్తే అదీ కష్టమనీ బామ్మర్ది నవ్వుతూ చెప్పాడు. వీరేశం ఆ మాట మరచిపోలేదు.

ఆ పొద్దున శివశంకర్ పై అంతస్తులో పని చూడటానికి పోగానే, వీరేశం గుత్తి తీసి తన డబ్బా సంచి అడుగున దాచి గేటుకు వచ్చేశాడు. ఆ తర్వాత ఎంత నొక్కినా ఫోను, బిళ్ల చివరిసారి కనిపించిన చోటు సూపర్‌వైజర్ గదేనని చూపింది. అందరూ ఆ గదినే తలకిందులు చేశారు. సాయంత్రంలోగా తాళాలు దొరక్కపోతే సూపర్‌వైజర్‌ను మారుస్తానని మేనేజరు తేల్చేశాడు. గేటు నుంచి వింటుంటే వీరేశానికి కడుపు చల్లబడింది.

ఒక్క సంగతి మాత్రం అతని బుర్రకు తట్టలేదు. చంద్రమ్మ ఇద్దరికీ కలిపి ఒకే డబ్బా కడుతుంది. మధ్యాహ్నం కాగానే శివశంకర్ ముఖం వేలాడేసుకొని గేటు గదికి వచ్చి కూర్చున్నాడు. చేతిలో ఫోను వెలిగింది. దాన్ని చూశాడు, సంచిని చూశాడు. నొక్కలేదు.

"కనెక్టయింది బావా," అన్నాడు మెల్లగా.

వీరేశం సంచిని తనవైపు లాక్కున్నాడు.

"నేను చేతులు కడుక్కొని వస్త. అవి బల్ల మీద పెట్టు. జనరేటరు కాడ దొరికినయని నేనే చెప్త. అక్కకు ఎరుక కావద్దు."

తిట్టినా బాగుండేది. కాలర్ పట్టుకొని మేనేజరు ముందుకు ఈడ్చినా, ఇన్నాళ్ల కుళ్లుకు ఒక అర్థముండేది. ఇప్పుడు తన పరువు కూడా ఆ పిలగాడు పెట్టిన భిక్షే. ఒక్క క్షణం ఆ గుత్తిని ప్రహరీ అవతలికి విసిరేద్దామనుకున్నాడు. చెయ్యి లేవలేదు. తీసి బల్ల మీద పెట్టాడు.

శివశంకర్ తిరిగొచ్చి గుత్తిని జేబులో వేసుకున్నాడు. డబ్బా మూత తీసి, ఎప్పటిలాగే ముందు బావకు వడ్డించాడు.

"తిను బావా, సల్లారుతది."

వీరేశం తిన్నాడు. ఆ చేతి అన్నం తినడం కన్నా పస్తుండటం నయమనుకుంటూనే, తిన్నాడు.