ఆపు నొక్కని రికార్డింగు

అక్క స్టూడియోకి వచ్చేసరికి చిన్నది హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, గోడకి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. పొద్దుటి నుంచి ఒక రచయితగారు తన పుస్తకాన్ని తానే చదివి వినిపించిన రికార్డింగులోంచి ఆయన గుటకలూ, కుర్చీ కిర్రులూ, పేజీలు తిప్పిన చప్పుళ్లూ ఏరి పారేయడంతోనే సరిపోయింది. ఇంకా సగం పుస్తకం మిగిలే ఉంది.

అక్క చెప్పులైనా విప్పకుండా వచ్చి బావ ఫోను బల్ల మీద పెట్టింది.

"ఇది తెరుచుకోవట్లేదే."

ఏది అని అడగనక్కర్లేకపోయింది. బావకి గొంతులో క్యాన్సరు. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి పీలుస్తున్నాడు. మాట లేదు. ఆపరేషనుకి ముందే ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు చిలక్కి చెప్పినట్టు చెప్పింది: "రోజూ వాడే మాటలు మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి సార్. తర్వాత ఒక్కో మాట కత్తిరించి ట్యాబ్లెట్లో బటన్లకి పెడతాను. బటను నొక్కితే మీ గొంతే పలుకుతుంది." బావ అలాగే అలాగే అంటూ రోజులు నెట్టుకొచ్చాడు. డ్రైవింగు స్కూలు నడిపే మనిషి. పాతికేళ్లుగా పక్క సీట్లో కూర్చుని "క్లచ్ మెల్లగా వదలమ్మా, దానికేం పగ లేదు నీ మీద" అంటూ బతికినవాడు. నోరు లేని రోజు ఒకటుంటుందని ఒప్పుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు. చివరికి ఆపరేషనుకి ముందు సాయంత్రం వార్డులో మంచం మీద కూర్చుని, థెరపిస్టు ఇచ్చిన వాక్యాలన్నీ చదివాడు.

"చదవడం అయ్యాక ఆపు నొక్కారా?" అంది చిన్నది.

"నొక్కలేదు. ఫోను దుప్పట్లో ఉండిపోయింది. మాటల్లో పడి మర్చిపోయాం. తర్వాత చూస్తే చార్జింగు అయిపోయి ఆగిపోయింది. పొద్దున్నే ఆపరేషన్. అప్పుడు దీని సంగతి ఎవరికి గుర్తుంటుంది? నిన్న థెరపిస్టు అడిగితే తెరిచాను. ఫైలుంది, పాడట్లేదు."

"దీంతో ఇంకేమేం చేశావు?"

అక్క నేరం ఒప్పుకునేదానిలా వేళ్లు లెక్కపెట్టింది. పేరు మార్చి చూసింది. ఫోను షాపతనికి చూపించింది. అంతా చెరిపేసి ఫోను కొత్తగా మొదలెడితే సరిపోతుందని అతను అన్నాడట.

"చెయ్యనివ్వలేదు కదా?"

"నాకు ఆ మాత్రం బుర్ర లేదనుకున్నావా!"

చిన్నది ఫోనుకి వైరు పెట్టి, ఫైలుని కంప్యూటర్లోకి రెండు చోట్ల కాపీ చేసింది. అసలుది ముట్టుకోకూడదు. ఏ ప్రయోగమైనా కాపీ మీదే. తర్వాత ఫైలు ఎంత ఉందో చూసింది. సున్నా కాదు. బరువుగానే ఉంది. ఆమె భుజాలు కాస్త దిగాయి.

"గొంతు లోపలే ఉందే అక్కా. పోలేదు."

"మరి పలకదేం?"

"రికార్డు చేసేటప్పుడు ఫోను శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వరసగా పేర్చుకుంటూ పోతుంది. సెకనుకి నలభై పైగా ముక్కలు. ఒక్కోటి ఒక్కో సైజు. ఏ ముక్క ఎక్కడ మొదలైంది, ఎంత పొడుగు, ఎలా చదవాలి, ఇదంతా మనం ఆపు నొక్కాక చివర్లో రాసుకుంటుంది. మన ఫోను అది రాసేలోపే చచ్చిపోయింది. ముక్కలన్నీ ఉన్నాయి, వాటి విషసూచికే లేదు."

"విషయసూచిక."

"అదే. నాలుక తిరగట్లేదు, పొద్దుటి నుంచి టీ కూడా లేదు."

అక్క నవ్వలేదు. చిన్నది ఆమె ముఖం వంక ఇప్పుడు సరిగ్గా చూసింది. వారం పైగా ఆసుపత్రి బల్ల మీద ముడుచుకుని పడుకున్న మనిషి ముఖం అది. కళ్ల కింద నల్లగా, జడ ఎప్పుడో వేసింది. అయినా అలసట ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది. ఫైలు బాగుపడుతుందంటే సంతోషించాల్సింది పోయి, బిక్కచచ్చినట్టు నిలబడింది.

"ఇదే ఫోన్లో, ఇదే యాప్‌లో మామూలుగా ఆపిన రికార్డింగు ఒకటి కావాలి. దాన్ని చూసి ముక్కల తీరు తెలుసుకుని, దీనికి కొత్త సూచిక కట్టే ప్రోగ్రాం ఉంది."

అక్క అక్కడికక్కడే ఫోను తీసి "ఒకటి, రెండు, మూడు" అంటూ నిమిషం సేపు రికార్డు చేసి ఆపింది. చిన్నది రెండు ఫైళ్లూ ప్రోగ్రాంకి ఇచ్చింది. ఏదో వచ్చింది. ప్లే చేస్తే కొన్ని సెకన్లు రేకు మీద ఇసుక గీకినట్టు గరగర, తర్వాత నిశ్శబ్దం.

అక్క కుర్చీలో కూలబడింది. "ఇంతేనా?"

"ఉండు. రెండూ ఒక తీరులో లేవేమో. ఈ యాప్‌లో సెట్టింగులు ఏమైనా మార్చావా?"

"ఫోను నిండిపోవడం వల్లే పాడైందనుకుని చిన్న సైజు అనేది పెట్టాను." అక్క గొంతు పీలగా వచ్చింది. "నేనే చెడగొట్టానా?"

"పాతది చెడలేదు. ఇప్పుడు తీసిందే వేరే తీరులో వచ్చింది. అంతకుముందు ఏముండేది?"

"నాకేం తెలుసే. అన్నీ ఆయనే పెట్టుకున్నారు."

ఇద్దరూ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు. సీట్లు లేవు. అక్క కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీసింది. దిగాల్సిన స్టాపు దగ్గర చిన్నది మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

బావ దిళ్లకి చేరబడి ఉన్నాడు. ముక్కులోంచి తిండి గొట్టం, మెడకి తడి గుడ్డ. మరదల్ని చూడగానే రాసి చెరిపే పలక అందుకున్నాడు. "చిన్నదానా, చిక్కిపోయావ్" అని రాశాడు.

"చెప్పేదెవరో చూడండి!" అంది చిన్నది. విషయమంతా చెప్పి, ఆ రోజు ఏ సెట్టింగు పెట్టారని అడిగింది.

ఆయన ఫోను తీసుకుని, యాప్ తెరిచి, అన్నిటికంటే పై నాణ్యత మీద వేలు పెట్టాడు. దాని కింద స్టీరియో అన్న మీటని కూడా ముందుకి జరిపాడు. పలక మీద "థెరపిస్టు చెప్పింది. మంచిది పెట్టమని" అని రాశాడు.

"అయితే ఇప్పుడు అలాగే ఒకటి రికార్డు చేసి ఇవ్వండి. ఓ రెండు నిమిషాలు. ఏ శబ్దమైనా సరే."

ఆ మాట నోటి నుంచి జారాక గానీ తానేమన్నదో ఆమెకి తెలియలేదు. ఏ శబ్దమని తీస్తాడు? సర్దుకునేలోపే బావ బటను నొక్కి, ఫోనుని మెడ దగ్గర పెట్టుకున్నాడు. కొద్దిగా తడిగా, బుసకొట్టినట్టు, ఊపిరి వచ్చింది, పోయింది. మధ్యలో దగ్గు. పక్క మంచాయన చెంచా పడేశాడు. నర్సు ట్రాలీ చక్రం కుయ్యిమంది. ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. రెండు నిమిషాలయ్యాక ఆయన ఆపు నొక్కాడు. సరిగ్గా ఆగిందో లేదో రెండుసార్లు చూసుకుని మరీ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్న, రచయితగారిని ఆయన గుటకలతో సహా పక్కన పెట్టేసి, చిన్నది ఆ ఊపిరి ఫైలుని ప్రోగ్రాంకి ఇచ్చింది. తెర మీద గీత నెమ్మదిగా నిండింది. హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా బావ గొంతు: "నాకు నీళ్లు కావాలి. నాకు చలిగా ఉంది. లైటు తీసెయ్యి."

ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టి అలాగే ఉండిపోయింది. గొంతు అయితే ఆయనదే గానీ, చదవడం మాత్రం బళ్లో పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టుంది. వాక్యాలు అయిపోయాయి. రికార్డింగు అవలేదు.

దుప్పటి గరగరల అడుగు నుంచి ఇద్దరి మాటలూ వచ్చాయి. ఆపరేషన్ వద్దు, ఇంటికి పోదాం అంటున్నాడు బావ. అక్క సముదాయించింది. ఆయన మళ్లీ మొదలెట్టాడు. అదే మాట తిప్పి తిప్పి, డాక్టర్ని తిట్టి, మంచాన్ని తిట్టి. చివరికి అక్క గొంతు పెద్దదైంది. "చాలు! రేపట్నుంచైనా నా చెవులకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది లెండి!" ఫ్లాస్కు తీసిన చప్పుడు. దూరమైన అడుగులు.

ఓహో, ఇదా, అనుకుంది చిన్నది. ఇదా అక్క మింగలేక కక్కలేక మోస్తున్నది.

రికార్డింగులో కాసేపు ఏమీ లేదు. తర్వాత బావ నవ్వాడు. కడుపులోంచి వచ్చిన నవ్వు. పక్క మంచాయనతో కాబోలు అన్నాడు: "విన్నారా? పొద్దుటి నుంచి నా ముందు ఏడుపు ఆపుకుని తిరుగుతుంటే నా పని అయిపోయిందనుకున్నానండీ. తిట్టిందంటే, పర్లేదు, బతుకుతాను. మా ఆవిడ సంగతి..."

అక్కడితో తెగిపోయింది. చివరి కొన్ని సెకన్లు ఫోను లోపల రాసుకోకముందే పోయి ఉంటాయి. వాటిని ఏ ప్రోగ్రామూ తేలేదు. చిన్నది మళ్లీ వినలేదు. ముందు ఎవరికి చెప్పాలన్నది ఆలోచించింది. గొంతు ఆయనది, మాటా ఆయనదే.

సాయంత్రం అక్క మందులకి కిందకి వెళ్లినప్పుడు బావ చెవిలో ఇయర్‌ఫోను పెట్టింది. తన గొంతు తాను వింటూ ఆయన మొదట కళ్లు మూసుకున్నాడు. చివరికొచ్చేసరికి తెరిచాడు.

"ఆఖరి భాగం అక్కకి తెలియకుండా తీసెయ్యమంటే తీసేస్తాను బావా. థెరపిస్టుకి వాక్యాలు చాలు."

ఆయన తల అడ్డంగా ఊపి, తలుపు వైపు వేలు చూపించాడు. అక్క మందుల సంచితో వస్తోంది.

అక్క నిలబడే విన్నది. తన మాట వచ్చినప్పుడు ముఖం తిప్పేసుకుంది. చిన్నది ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంకా ఉంది, విను." నవ్వు వచ్చింది. ఆ తర్వాతి మాటలు వచ్చాయి. అక్క ఇయర్‌ఫోను లాగేసి, మొగుడి వంక చూసి, "బయటివాళ్లకైతే చెప్పగలరు! నాకు చెప్తే నోరు అరిగిపోయేదా?" అంది. ఇన్ని రోజులూ దాన్నే తల్చుకుని చచ్చానని గానీ, క్షమించమని గానీ అనలేదు.

బావ భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడు. మెడ దగ్గర గాలి ఉఫ్ ఉఫ్‌మంది. నవ్వు దగ్గయింది. అక్క గబగబా గుడ్డ అందుకుని తుడిచింది. తుడుస్తూ తుడుస్తూనే మంచం అంచు మీద కూర్చుని, దిండుకి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆయన తన దుప్పటి సగం ఆమె మీదకి లాగాడు.

చిన్నది మరో రెండు పూటలు కూర్చుని మాటలు కత్తిరించింది. అప్పజెప్పిన వాక్యాల్లో సగం బావ వద్దన్నాడు. వాటి బదులు పోట్లాటలోంచి ఏరుకున్నాడు: "అబ్బ, నువ్వుండవే", "ఎన్నిసార్లు చెప్పాలి", "సరే, నీ ఇష్టం". థెరపిస్టు నవ్వుకుంటూ వాటినీ బటన్లకి పెట్టింది.

ట్యాబ్లెట్ పని చేసింది. చేసిందంటే, ఓ మాదిరిగా. బటను వెతికి నొక్కేలోపు ఎదుటివాళ్లు వేరే మాటకి వెళ్లిపోయేవారు. "నీళ్లు" నొక్కబోయి "లైటు తీసెయ్యి" నొక్కేవాడు. అందులో లేని మాట కావాల్సి వచ్చినప్పుడల్లా విసుగ్గా పలక అందుకునేవాడు. అలాంటి మాటలే ఎక్కువ. స్వరపేటిక లేకుండా వేరే పద్ధతిలో మాట్లాడటం నేర్చుకోవడానికి ఇంకా నెలలు పడతాయన్నారు.

ఇంటికొచ్చిన మొదటి పొద్దున్న అక్క మందుల వరస తప్పిందని తనలో తాను గొణుక్కుంటుంటే, వెనక నుంచి గొంతు వినిపించింది. "అబ్బ, నువ్వుండవే."

"మీరుండండి ముందు," అంది అక్క వెనక్కి తిరక్కుండానే, మాత్రల అట్ట చించుతూ.