వెనక ఒత్తు

మా అత్తగారికి నా మీద రెండే రెండు ఫిర్యాదులు. ఒకటి, గిన్నెలు బోర్లించకుండా వదిలేస్తానని. రెండోది, ఇంగ్లీషు మాటల్లో ప్రతి ముక్కనీ సమానంగా బాదుతానని. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు గానీ, రెండోదానికి ఉంది. తెలుగువాళ్ళం కదా, ఏ అక్షరాన్నీ చిన్నచూపు చూడం.

ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేను సౌండు ఎడిటర్‌ని. తాళంచెవులు చేసే దుకాణం పైన ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, గోడలకి పాత దుప్పట్లు కొట్టి, మధ్యలో అద్దం అడ్డు పెట్టి స్టూడియో అనుకుంటున్నాను. పిల్లల ఇంగ్లీషు డిక్షనరీకి యాప్ వస్తోందనీ, ప్రతి మాట పక్కనా స్పీకరు బొమ్మ నొక్కితే మాట వినిపించాలనీ, దానికి శుభ్రమైన గొంతు కావాలనీ దాని సంపాదకుడు నన్ను అడిగాడు. ఎక్కడెక్కడో వెతకడమెందుకని మా ఇంట్లో గొంతునే ఇప్పించాను. అది తెలివైన పనే. ఆ తర్వాత చేసింది మాత్రం కాదు.

సంపాదకుడు నాలుగు వేల పైచిలుకు మాటల లిస్టు పంపాడు. రెండు లిస్టులు కలిపి పంపాడు కాబట్టి టేబుల్, విండో లాంటివి రెండేసి సార్లు వచ్చాయి. మొదటి రోజు చదువుతుంటే అత్తగారు కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, నాకు మతిమరుపు వచ్చిందని నీకెవరైనా చెప్పారా? చెప్పిందే మళ్ళీ చెప్పిస్తున్నావు" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ సాయంత్రమే కంప్యూటర్లో ఒక్క మీట నొక్కాను. ఒకే స్పెల్లింగుతో రెండుసార్లు ఉన్న మాటలన్నీ ఒక్కొక్కటైపోయాయి. ఎంత పొదుపైన పని చేశానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

తర్వాత కొన్ని చోట్ల ఆవిడ ఆగారు. "ఇది పేరా, పనా? పక్కన ఏమీ రాయలేదే?" అని అడిగారు. ఆవిడ భాషలో నామవాచకం అంటే పేరు, క్రియ అంటే పని. "లిస్టులో ఒక్కటే ఉంది అత్తయ్యా, చదివేయండి" అన్నాను. ఆవిడ పేరనుకుని చదివేశారు. మూడు వారాల్లో పని అయిపోయింది.

అప్పుడే ఆవిడ గొంతు బొంగురుపోవడం మొదలైంది. డాక్టరు గొట్టం పెట్టి చూసి, గొంతు తీగ మీద చిన్న కాయ ఉందనీ, గురువారం తీసేస్తాననీ చెప్పాడు. అందాకా రోజుకి అరగంటకి మించి మాట్లాడకూడదు. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు ఒక్క మాట కూడా వద్దు, గుసగుసలు అసలే వద్దు. "గొంతు వస్తుందమ్మా, కానీ అచ్చం ఇదే గొంతు వస్తుందని మాట ఇవ్వలేను" అన్నాడు.

అత్తగారు ఇంటికొచ్చి మాటల లిస్టు కాగితాలు ముందేసుకుని తిరగేశారు. తర్వాత, "పోనీలే, ఆ డిక్షనరీలో మొత్తం నా గొంతే ఉంది కదా, అటునించి ఇటు దాకా" అన్నారు. ఆవిడకి ఆ పని ఎంత ఇష్టమో నాకప్పుడే అర్థమైంది.

బుధవారం పొద్దున సంపాదకుడు ఫోన్ చేశాడు. కామా ఒకటి తక్కువైతే అన్నం ముట్టని మనిషి కాబట్టి మేమతన్ని కామాగారు అంటాం.

"మేడం, ప్రెజెంట్ పేజీలో రెండు స్పీకరు బొమ్మలున్నాయి. కానుకకి ఒకటి, బహూకరించడానికి ఒకటి. కానుకకి ముందు ముక్కనీ, బహూకరించడానికి వెనక ముక్కనీ ఒత్తి పలకాలి కదా, రెండూ నొక్కితే ఒకేలా వినిపిస్తోంది. అలాంటివి యాభై ఎనిమిది లెక్క తేలాయి. మాకు శుక్రవారానికి కావాలి."

టేబుళ్ళూ విండోలతో పాటు వీటినీ కత్తిరించి పారేశానన్నమాట. స్పెల్లింగు ఒకటే కాబట్టి కంప్యూటరుకి రెండూ ఒకటే. నాకూ ఒకటే అయ్యాయి, అదీ నా సిగ్గు.

అత్తగారికి చెప్పకుండా సర్దేద్దామని చూశాను. ఆవిడ పేరుగా చెప్పిన ప్రెజెంట్‌ని తెర మీద పరిచి, రెండో సగానికి శబ్దం పెంచాను. అది క్రియ అవలేదు. కోపంగా ఉన్న నామవాచకమైంది. పేరుగా చెప్పినప్పుడు ఆవిడ వెనక ముక్కని మింగేసి "జంట్" అన్నారు. ఎంత పెంచినా గట్టి జంట్ అవుతుంది తప్ప "జెంట్" ఎక్కణ్ణించి వస్తుంది? ఇంపోర్ట్, ఇన్సల్ట్ లాంటివి కాస్త మాట విన్నాయి గానీ, వాటి చివర రాగం దిగజారిపోయి ఏడుపులా వినిపించింది.

ఇక లాభం లేక ఆవిడ ముందు నిలబడి జరిగింది చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ చేతి గడియారం చూసుకుని, ఒక్కో మాటా పొదుపుగా వాడుతూ, "అరగంట ఉంది. వంటింటి టైమరు తీసుకో. పద" అన్నారు.

కింద తాళాల ఆయన్ని బతిమాలి ముప్ఫై నిమిషాలు మిషను ఆపించాను. "ఇంట్లో ఎవరైనా పోయారా?" అన్నాడాయన. "లేదండీ, క్రియలు పోయాయి" అన్నాను. ఆయన జాలిగా చూశాడు.

అత్తగారు లోపల కూర్చున్నారు. నేను అద్దానికి ఇవతల. టైమరు తిప్పాను.

"వరసగా క్రియలే చదివితే నాలుక దారి తప్పుతుంది. ప్రతిదానికీ ముందు 'టు' పెట్టుకుంటాను. తర్వాత నువ్వు దాన్ని కోసెయ్యి" అన్నారు.

టు కండక్ట్. టు కాంట్రాక్ట్. టు ఇన్‌క్రీజ్. ప్రతి మాటకీ ఆవిడ అరచెయ్యి బల్ల మీద ఒకసారి తేలికగా తట్టి, రెండోసారి పొడుగ్గా జరిగేది. పేరైతే ముందు ఒత్తు, పనైతే వెనక ఒత్తు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎన్ని బల్లలు అలా అరిగాయో. టు ఆబ్జెక్ట్ దగ్గర గొంతు జీరపోయింది, మళ్ళీ చెప్పారు. కొన్ని మూడేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. ఇరవై నాలుగు నిమిషాలకి నలభై ఆరు మాటలయ్యాయి. ఇంకా పన్నెండున్నాయి. పర్మిట్, ప్రెజెంట్, రికార్డ్, రెఫ్యూజ్ అన్నీ అక్షరక్రమంలో చివరనే కూర్చున్నాయి.

టు పర్మిట్ అన్నారు. గొంతు నడిమికి విరిగింది. ఇంకోసారి. మళ్ళీ విరిగింది. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, నన్ను లోపలికి రమ్మని చెయ్యూపారు.

"మిగతావి నువ్వు చెప్పు."

"నేనా? నా ఇంగ్లీషుకి మీరు ఎనిమిదేళ్ళుగా నవ్వుతున్నారు!"

"నవ్వడం ఆపేశాను చూడు. ఆరు నిమిషాలుంది. కూర్చో."

"అత్తయ్యా, నీళ్ళు తాగి మీరే ప్రయత్నించండి. మొత్తం మీ గొంతే ఉండాలని కదా మీకు."

"విరిగిన గొంతుతో చెబితే పిల్లలు విరిచే నేర్చుకుంటారు. చెప్పు, పర్మిట్."

చెప్పాను. ఆవిడ తల పట్టుకున్నారు.

"మిట్ అని అరుస్తున్నావు. ఒత్తడమంటే అరవడం కాదమ్మాయ్. పక్కదాన్ని తగ్గించడం. 'పర్'ని వదిలెయ్యి, పలకాలా వద్దా అన్నట్టు పలుకు. అప్పుడు మిట్ దానంతటదే లేస్తుంది."

నా చెయ్యి పట్టుకుని బల్ల మీద తట్టించారు. చిన్నది, పొడుగుది. చిన్నది, పొడుగుది. రికార్డ్‌లో ముందు 'రె' కాదు, నోరు తెరిచీ తెరవనట్టు 'రి' అన్నారు. రెఫ్యూస్ అంటే చెత్త, వెనక ఒత్తి చివర 'జ్' అంటే కాదనడం అన్నారు. పన్నెండు మాటలకీ అలా తట్టించేసరికి టైమరు గణగణమంది. ఆవిడ అప్పుడే ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. చెప్పాల్సిందేదో లోపలే ఉండిపోయింది.

కుర్చీలు మార్చుకున్నాం. నేను లోపల, ఆవిడ నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దానికి అవతల. మాట లేదు కాబట్టి తల ఒక్కటే పని చేస్తోంది. అడ్డంగా ఊపితే మళ్ళీ. కింద మిషను మళ్ళీ మొదలైతే వెళ్ళి ఇంకోసారి బతిమాలాను. పర్మిట్ తొమ్మిదిసార్లు. రికార్డ్ పదిహేడుసార్లు. పదిహేడోసారికి ఆవిడ తల నిలువుగా ఊగింది. బడిలో చదివేటప్పుడు నాకెప్పుడూ అంత సంతోషం కలగలేదు.

గురువారం ఆపరేషన్ సజావుగా జరిగింది. శుక్రవారం ఆవిడ ఇంట్లో దిండుకి ఆనుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చున్నారు. మా ఆయన ఆ గది చుట్టూ తిరుగుతూ, ఇంత నిశ్శబ్దం పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నాడు. పలక మీద అతనికి దొరికిన జవాబు ఇక్కడ రాయను.

సాయంత్రం కామాగారి ఫోను. ఆవిడ వినాలని స్పీకరు పెట్టాను.

"మేడం, అన్నీ విన్నాను. నలభై ఆరు అద్భుతం. పన్నెండు వేరే గొంతులా ఉన్నాయి. తప్పేం లేదు, కానీ తేడా తెలుస్తోంది. పైవాళ్ళతో మాట్లాడాను, నెల ఆగుతామన్నారు. టీచరుగారి గొంతు తిరిగొచ్చాక ఆ పన్నెండూ ఆవిడ చేతే చెప్పిద్దాం. మొత్తం ఒకే గొంతు అవుతుంది."

నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నా తప్పు చెరిగిపోతుంది, ఆవిడ కోరికా తీరుతుంది. "తప్పకుండా అండీ" అనబోతుంటే, అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. బలపం తీసుకుని నిదానంగా, నోటుపుస్తకాలు దిద్దే ఆ గుండ్రటి అక్షరాలతో రాశారు.

"అక్కర్లేదని చెప్పు. అదీ నేను నేర్పిన గొంతే."

నాకు కళ్ళు మసకబారాయి. ఫోన్లో కామాగారు "హలో, హలో" అంటున్నాడు. ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు చదివాను. అతను సరేనమ్మా, అలాగే ఉంచేద్దాం అన్నాడు.

ఫోను పెట్టేసి చూసేసరికి ఆవిడ పలక తుడిచి ఇంకేదో రాస్తున్నారు. నా కన్నీళ్ళు చూసి జాలిపడి ఏదైనా మంచి మాట రాస్తున్నారనుకున్నాను. పలక నా వైపు తిప్పారు.

"పర్మిట్ మాత్రం ఇంకోసారి చెప్పి పంపు. ఇంకా అరుస్తున్నావు."