అచ్చులో ఎత్తుగా నిలిచిన ఫిల్లింగ్

కట్టుడు పళ్ల ల్యాబులో చేరిన నాలుగేళ్లలో అయినవాళ్ల నోరు ఆమె బల్ల మీదకు రావడం ఇదే మొదలు. ప్లాస్టర్ అచ్చుల జతకు కట్టిన చీటీ మీద మొగుడి పేరు ఉంది. కింద డాక్టరమ్మ రాత: "నిద్రలో పళ్లు నూరుతున్నారు. రాత్రిపూట పళ్లకు వేసుకునే తొడుగు కావాలి."

ఆమె ఫక్కున నవ్వింది. "గురువుగారూ, మా ఆయన పళ్లు నూరుతాడట. పెళ్లయి మూణ్ణెల్లయింది, ఒక్కసారీ నా చెవిన పడలేదు."

"కొత్త పెళ్లికూతురివి, నీకిప్పుడు పిడుగు పడినా వినిపించదులే," అన్నాడు పక్క బల్ల పెద్దాయన.

నవ్వుతూనే పై అచ్చును కింది అచ్చు మీద కూర్చోబెట్టింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

నూరేవాళ్ల పళ్లు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. అరిగిన చోట్లు పెట్టెకు మూతలా అతకాలి. ఇక్కడ వాటి మధ్య ఖాళీ. దవడ పళ్ల కొనలు చిన్న చిన్న గిన్నెల్లా గుంటలు పడ్డాయి. పాత ఫిల్లింగ్ చుట్టూ పన్ను కుంగి, అదొక్కటే ఎత్తుగా నిలబడింది. నూరుడైతే అదీ పంటితో పాటే అరిగేది. పుచ్చు అనుకుందామంటే గాడిలోనో సందులోనో బొక్క ఉండాలి, ఒక్కటీ లేదు. పై ముందుపళ్ల లోపలివైపు వేలితో తడిమింది. నున్నటి పల్లం.

"ఇది ఆమ్లం పని, గురువుగారూ."

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "లోపలివైపే ఎక్కువ తినేసింది. కడుపులోంచి ఎగదన్నుతున్నట్టుందమ్మాయ్."

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "నీకు గొంతులోకి పుల్లగా వస్తుందా?"

"అందరికీ వస్తుందిగా. నాకు కాలేజీ నుంచీ ఉంది. ఓ నిమ్మసోడా తాగితే త్రేన్పొచ్చి సర్దుకుంటుంది."

"రోజుకి ఎన్ని?"

"మూడు. సరే, నాలుగనుకో. తాగగానే బ్రష్ చేసుకుంటాలే, గట్టిగా. పుల్ల కంపుతో నీ దగ్గరికెలా రాను?"

ఆమె స్టూలు మీద కూలబడింది. ఎప్పుడు దగ్గరికొచ్చినా పుదీనా వాసనేనని అక్కతో ఎంత మురిసిపోతూ చెప్పుకుంది! పులుపుకు మెత్తబడిన పంటిని అతను తన కోసమే రోజూ తోమి తోమి అరగదీస్తున్నాడు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చూసిందంతా చెప్పింది.

"అరుగుదల చూసి నూరుడే అనుకున్నాను. లోపలివైపు సరిగా చూడలేదు, తప్పు నాదే. తొడుగు ఆపెయ్. సాయంత్రం అతన్ని తీసుకురా, కడుపు డాక్టరుకీ చీటీ రాస్తాను."

సాయంత్రం ఆమెను తీసుకెళ్లడానికి అతను ల్యాబుకొచ్చాడు. ఆమె అచ్చును అతని అరచేతిలో పెట్టి, పల్లం మీద అతని వేలు ఆనించింది. అతని మొహం పాలిపోయింది.

"మళ్లీ పెరుగుతుందా?"

"పెరగదు. ఉన్నది కాపాడుకోవడమే. సోడాలు మానెయ్. పుల్లగా వస్తే నీళ్లతో పుక్కిలించు, గంట ఆగాకే బ్రష్."

"ఆ గంటసేపు నీకు దూరంగా ఉండాలా?"

"పుల్లగానే రా," అంది ఆమె. అతను నవ్వలేదు. వేలు ఇంకా ఆ పల్లంలోనే ఉంది.