బంగ్లా జాడీ, మా వీధి జాడీ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో లేచినంత దుమ్ము ఆ ఊళ్ళో మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. ఎటు చూసినా గుడారాలు, జీపులు, కొత్త బంగ్లాలు. తలచుకుంటే ఇప్పటికీ నా ముక్కు దురద పెడుతుంది. అయినా ఆ రోజులే కావాలనిపిస్తుంది. నేనప్పుడు కాలేజీలో ఇంటర్ చదువుతున్నాను. మా నాయన ఏసేపు మా వీధి చివర సున్నపు బట్టీ నడిపేవాడు. తిండీ, నా ఫీజూ అందులోంచే వచ్చేవి.

ఆ చలికాలం ఓ బంగ్లా ఆఫీసరు, బట్టీ వల్ల తమ ఇళ్ళన్నీ దుమ్ముకొట్టుకుపోతున్నాయని ఫిర్యాదు చేశాడు. సర్కారు ఆఫీసు మనుషులొచ్చి, ఎండాకాలం లోపల బట్టీ ఎత్తేయాలని నాయనకు చెప్పి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే మా కెమిస్ట్రీ పుల్లయ్య సార్ ‘పట్నపు గాలిలో దుమ్ము, పొగ: కారణాలు, ఫలితాలు’ అని వ్యాసం రాయమన్నారు. నేను ఆఫీసర్లను దులిపేస్తూ పేజీలు నింపి ఇచ్చాను. ‘అందరికీ తెలిసిందే’ అన్న చోటల్లా సార్ ఎర్రసిరాతో కొట్టేశారు.

“కోపం బాగుండాది ఏసుమణీ. కొలత యాడుండాది?” అన్నారు.

కొలతంటే ఏమిటో ఆయనే నేర్పారు. ఒకే వెడల్పు మూతి ఉన్న గాజు జాడీల్లో లాబులోని స్వేదనజలం పోసి ఆరుబయట పెట్టాలి. గాలిలోంచి రాలే దుమ్ము నీళ్ళలో చిక్కుకుంటుంది. మన ఎండకు నీళ్ళు ఆరితే దుమ్ము మళ్ళీ లేచిపోతుంది గనక రోజూ కాసిని పోస్తుండాలి. నెలయ్యాక నీళ్ళు ఇగరబెట్టి మిగిలింది తూయాలి.

ఒక జాడీ బంగ్లాల దగ్గర, ఒకటి మా మిద్దె మీద పెట్టాను. నెల తర్వాత మా జాడీ అడుగున మట్టి చూసి సార్ పకపకా నవ్వారు. “ఇది మీ మిద్దె మీది చౌడే గదమ్మా! గాలికి లేచి జాడీలో పడినాది. ఎత్తుగా బల్ల మీద పెట్టల్ల.” మా ఊళ్ళో మిద్దెలన్నీ పైన చౌడుమట్టి పరిచినవే, అయినా ఆ ఆలోచన నాకు తట్టనేలేదు. సిగ్గుపడి, రెండు జాడీలనూ బల్లలెక్కించి మళ్ళీ మొదలుపెట్టాను. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి కర్రకు గుడ్డ కట్టి పొద్దునా సాయంత్రం రాసుకున్నాను.

రెండో నెల తూకాలు సరిగ్గా వచ్చాయి. బంగ్లా జాడీలోది ఎర్రగా ఉంది. కాల్చినా పెద్దగా తగ్గలేదు, ఆమ్లం పోస్తే పొంగలేదు. పక్కనే జీపుల బాట మట్టి తెచ్చి అట్లాగే పరీక్షిస్తే రెండూ ఒక్కటే. మా వీధి జాడీలోది బూడిదరంగు. దాని బరువు బంగ్లాదానికి రెట్టింపు పైమాటే. కాలిస్తే మసి పోయి బాగా తగ్గింది, మిగిలినదాని మీద ఆమ్లం పోస్తే బుసబుసా పొంగింది. సున్నపురాయి పొంగినట్టే. ఆ నెలంతా గాలి బట్టీ మీదుగా మా వీధి వైపే వీచింది. ఇంటింటికీ తిరిగి అడిగితే దగ్గు కూడా బంగ్లాల కన్నా మా వీధిలోనే ఎక్కువ.

“మసిలో మీ పొయ్యిల వాటా ఎంతో తెలీదని రాయి. ఇది ఒక్క నెల గాలేనని కూడా రాయి,” అన్నారు సార్. రాశాను.

ఆ కాగితాలు పట్టుకుని సారూ నేనూ ఆ సర్కారు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి పెద్దాయన ఓపిగ్గానే చదివాడు. “అయితే బంగ్లాల దుమ్ము మా జీపులదేనన్నమాట. సరే, బట్టీ ఉండనీయండి,” అన్నాడు. నేను రెండో పేజీ చూపించి మా వీధి సంగతి అడిగాను. “దాని మీద ఫిర్యాదేమీ లేదుగా,” అని కాగితాలు మడిచి ఇచ్చేశాడు.

బట్టీ దక్కింది. సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తాను. నాయన వీధి పిల్లలకు బెల్లం పంచాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏమేం రాశానో చదవమన్నాడు. మొత్తం చదివాను. దగ్గు దగ్గరకొచ్చేసరికి లోపల అమ్మ దగ్గుతోంది. నాయన లేచి అమ్మకు నీళ్ళిచ్చి వచ్చాడు.

మరుసటి వారం ఆయన బట్టీ పగలగొట్టడం మొదలుపెట్టాడు. ఊరికి దూరంగా, ఇళ్ళే లేని రాళ్ళనేలలో కొత్తది కట్టాడు. రాయీ కట్టెలూ అంత దూరం మోయాల్సి వచ్చి, రాబడి సగానికి పడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

“ఉండనీమన్నారు గద నాయనా! మళ్ళా యాలకు పోతాండావు?”

నాయన ఇటుకలు గంపకెత్తుతూనే అన్నాడు. “వాళ్ళు పొమ్మంటే పోయేవాణ్ణి గాదమ్మా. నువ్వు కొలిచి చెప్పినాక ఈడ ఎట్లుండేది?”