మొదటి మందు వెయ్యని స్లైడు

ఆ స్లైడు మీద వెలుగు కనిపించకూడదు. కనిపించిందా, నాలుగు రోజుల కిందటి సంతోషమంతా నీళ్ల పాలైనట్టే. మంచుపిన్ని మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, అప్పుడు కన్ను ఆనించింది.

వెలుగుతోంది.

ఆస్పత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే. గడ్డకట్టించిన కండ ముక్కను చలిపెట్టెలాంటి యంత్రంలో పలచని పొరలుగా కోయడం, వాటికి రంగు పట్టించి డాక్టరుకు చూపించడం. అందుకే అక్క కూతురు ఆమెకు మంచుపిన్ని అని పేరు పెట్టింది. ఆ పేరు ల్యాబులో అందరికీ పాకింది.

ఇప్పుడు ఆమె కన్ను కింద ఉన్నది ఆ అక్క కూతురి కండే. తొమ్మిదేళ్ల ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. పేరుకే పిచ్చుక. ఏడాదిగా మెట్లెక్కలేకపోతోంది. నేల మీద నుంచి లేవాలంటే తొడల మీద చేతులు మోపుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేస్తోంది. డాక్టరు తొడ నుంచి చిన్న ముక్క తీయించి ఉన్నమాట చెప్పాడు. కండలో వాపు జబ్బయితే మందులకు లొంగుతుంది. కండకణాల అంచును నిలబెట్టే సార్కోగ్లైకాన్ అనే ప్రోటీన్ పుట్టుకతోనే లేకపోతే, దాన్ని తెచ్చిపెట్టే మందు తన దగ్గర లేదు.

ఆ ప్రోటీన్ ఉందో లేదో చూడడానికి రెండు మందులు వేస్తారు. మొదటిది ఎలుకలో తయారైన యాంటీబాడీ. అది వెళ్లి ఆ ప్రోటీన్‌నే పట్టుకుంటుంది, కానీ దానికి వెలుగు లేదు. రెండోది ఎలుక యాంటీబాడీని వెతికి పట్టుకునే మరో యాంటీబాడీ. దానికి పచ్చగా మెరిసే రంగు తగిలించి ఉంటుంది. ప్రోటీన్ ఉంటే ప్రతి కణం చుట్టూ సన్నటి పచ్చగీత గీసినట్టు కనిపించాలి.

నాలుగు రోజుల కిందట అలాగే కనిపించింది. మంచుపిన్ని ఆగలేకపోయింది. ఆ బొమ్మను ఫోనులో అక్కకు పంపించేసింది. "ఉందే అక్కా! గీతలు చూడు!" అంది. అక్క అవతల ఏడుస్తూ నవ్వింది. పిచ్చుక ఫోను లాక్కుని, "నా లోపల ఇంత బాగుందా పిన్నీ?" అని అడిగింది.

ఈ రోజు పొద్దున డాక్టరు ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నాడు. తల నెరిసిన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు.

"ఎక్స్‌పోజర్ ఎంత పెట్టావమ్మాయ్?"

"కెమెరాకే వదిలేశాను సార్."

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ల స్లైడుకి రెండు వందల మిల్లీసెకన్లు వెలుగు తీసుకుంది. దీనికి తొమ్మిది వందలు. రెండూ ఒకేలా కనపడక ఏమవుతాయ్? అయినా గీత సన్నగా లేదు చూడు. కణాల మధ్య సందుల్లో మబ్బులా పరుచుకుంది." స్లైడుల పెట్టెలో వెతికాడు. "మొదటి మందు వెయ్యని స్లైడేదీ?"

ప్రతి ముక్కకూ ఆ స్లైడు చేస్తారు. రెండో మందు తనంతట తానే ఎక్కడైనా అంటుకుంటోందేమో తెలిసేది దాంతోనే. ఇరవై రెండేళ్లలో మంచుపిన్ని ఒక్కసారీ మానలేదు. పిచ్చుక దగ్గర మానేసింది.

"ముక్క చిన్నది సార్. పిల్లది... ఒక పొర వృథా చెయ్యడం ఎందుకని..."

"పరాయి పిల్లయితే చేసేదానివే."

"చేసేదాన్నే సార్."

అందుకే ఇప్పుడు చేసింది. మొదటి మందు లేదు, ఉత్త రెండో మందే. తొమ్మిది వందల దగ్గర చూస్తే అదే మబ్బు, అదే పచ్చదనం. అంటే మొన్నటి వెలుగుకూ ఆ ప్రోటీన్‌కూ సంబంధమే లేదు.

ఫ్రిజ్ తెరిచి రెండో మందు సీసా తీసింది. పాతది అయిపోతే పోయిన వారమే కొత్తది తెరిచింది. కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చదివింది. మనిషి యాంటీబాడీలకు అంటకుండా శుద్ధి చేసినది అనే మాట పాత సీసా మీద ఉండేది, దీని మీద లేదు. మనిషి కండలో, కణాల మధ్య సందుల్లో, నెత్తురు నుంచి ఊరిన యాంటీబాడీలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఈ మందు ఎలుకదేదో మనిషిదేదో తేడా చూసుకోకుండా వాటినీ పట్టుకుంది.

చిన్నప్పటి నుంచి వెలుగంటే దేవుడే అని చేతులు జోడించిన మనిషి ఆమె. మరి దీన్నేమనుకోవాలి స్వామీ, అని మనసులో అడిగింది. కోపంగా కాదు, తెలియక.

పక్క ఆస్పత్రి నుంచి శుద్ధి చేసిన సీసా అడిగి తెప్పించి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అన్ని స్లైడులకూ ఒకటే ఎక్స్‌పోజర్. మొదటి మందు వెయ్యని స్లైడు నల్లగా వచ్చింది, అలాగే రావాలి. ఆరోగ్యవంతుల స్లైడు మీద పచ్చగీతలు చక్కగా వచ్చాయి. పిచ్చుక స్లైడు మీద చీకటి.

"మందు పలచనైందేమో సార్."

"చిక్కగా వేసి చూడు."

చిక్కగా వేసినా చీకటే. "అసిటోన్‌లో ఎక్కువసేపు ఉంచానేమో సార్, ప్రోటీన్ చెడి మందుకి అందట్లేదేమో" అంది. పొర చెడకుండా నిలపడానికి వాడే ఆ అసిటోన్ తగిలించని పొరతో చేసి చూసింది, మార్పు లేదు. ఆ ప్రోటీన్‌నే మరోచోట పట్టుకునే, కుందేలులో తయారైన వేరే యాంటీబాడీ తీసింది. దానికి తగిన రెండో మందూ వేసింది. ఆరోగ్యవంతుల స్లైడు వెలిగింది, పిచ్చుకది వెలగలేదు.

"కణాల అంచులే పాడయ్యాయేమో సార్. అందుకే ఏదీ అంటట్లేదేమో."

డాక్టరు వద్దనలేదు. అంచుల్లోనే ఉండే స్పెక్ట్రిన్ అనే ఇంకో ప్రోటీన్‌కు రంగు వేయించాడు. పిచ్చుక కణాలు ఒక్కొక్కటీ సన్నటి గీతతో, ముగ్గు వేసినంత పొందికగా వెలిగాయి. ఆ గీతలు చూసి ఆమె ఏడ్చింది. అంచులు ఉన్నాయి, రంగు పనిచేస్తోంది, చేతిలో తప్పు లేదు. ఇక అనడానికి ఏమీ మిగల్లేదు.

"ముక్క ఇంకా ఉందా?" డాక్టరు మెల్లగా అడిగాడు.

"ఒక్క పొర ఉంది సార్."

"ఉండనీ అమ్మా. అది కూడా ఇదే చెబుతుంది. రక్తం పంపించి జన్యు పరీక్షలో రూఢి చేసుకుందాం. ఇంటివాళ్లకి నేను చెప్పనా?"

"ఉందని చెప్పింది నేను సార్. లేదని కూడా నేనే చెప్పాలి."

మధ్యాహ్నం అక్క వచ్చింది, పిల్లను చంకన వేసుకుని. తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకుని రెండంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ నవ్వింది. "లిఫ్టు ఆగిపోయింది. ఇంకెన్నాళ్లులే, మందులు పడితే ఇదే నన్ను ఎత్తుకుంటుంది. ఏవే, రిపోర్టు ఇచ్చేశారా? నీ మొహమేంటి అలా ఉంది? అన్నం తిన్నావా?"

"కూర్చో అక్కా."

"కూర్చోమంటావేంటి?"

పిచ్చుక అప్పటికే స్క్రీను ముందు కుర్చీలోకి జారింది. "పిన్నీ, ఇది ఎవరిది? అంతా చీకటిగా ఉంది."

"నీదే తల్లీ."

"నాది కాదు. నాది పచ్చగా ఉంది. మా ఫ్రెండ్స్‌కి కూడా చూపించా."

మంచుపిన్ని కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల మొహం చూడాలంటే తల ఎత్తాల్సి వచ్చింది. "ఆ వెలుగు నీది కాదే. నేను తప్పు మందు వేశాను. అది ఎక్కడ పడితే అక్కడ అంటుకుంది. నీదని నేననుకున్నా."

అక్క బల్ల అంచు పట్టుకుంది. "మళ్లీ చెయ్. తప్పు మందన్నావుగా, మంచిది వేసి చెయ్యవే."

"చేశానక్కా. ఐదు రకాలుగా చేశాను."

"ఆరోది చెయ్!"

మంచుపిన్ని చలిపెట్టె వైపు చూసింది. అందులో ఒక్క పొర ఉంది. తీసి రంగు వేస్తే అక్కకు ఇంకో మూడు గంటలు ఆశ ఉంటుంది. అంతకు మించి ఇవ్వగలిగింది ఏదీ లేదు. ఆ మూడు గంటలైనా ఇవ్వడం మంచో చెడో కూడా ఆమెకు తెలియలేదు.

పిచ్చుక స్క్రీను మీద వేలు పెట్టి చీకట్లో వెతుకుతోంది. "ఇక్కడ కొంచెం ఉంది చూడు పిన్నీ. ఈ మూల."

అది దుమ్ము. మంచుపిన్నికి తెలుసు.

"ఏదీ?" అని లేచి, పిల్ల భుజం మీదుగా వంగి చూసింది.