మిషను కన్న మనవడు

నాకు కొడుకు పుట్టకముందే మా అత్తగారికి ఒక మనవడు పుట్టాడు. వీధి చివర ఫోటో స్టూడియోలో.

నేను నిండు నెలలతో ఉన్నప్పుడు ఆవిడ మా పెళ్ళి ఫోటో పట్టుకెళ్ళి అక్కడ ఇచ్చింది. నన్నడగలేదు. అమ్మ ముఖం, నాన్న ముఖం కలిపితే పుట్టబోయే బిడ్డ ముఖం వస్తుందని స్టూడియో బోర్డు మీద రాసి ఉందట. వచ్చింది కూడా. మీగడ రంగు, కోటేరు ముక్కు, బుగ్గన సొట్ట. ఆవిడ దానికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించి, వచ్చినవాళ్ళందరికీ "మా మనవడు" అని చూపించేది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆ ఆయాసంతో ఎవరితో పోట్లాడను?

తర్వాత అసలువాడు పుట్టాడు. చామనఛాయ, చప్పిడి ముక్కు, చేటంత చెవులు. నాకెంత ముద్దొచ్చాడో! అత్తగారు మాత్రం బిడ్డని చూసింది, గోడని చూసింది, మళ్ళీ బిడ్డని చూసింది.

"ఎవరి పోలికో అంతుపట్టట్లేదమ్మా" అని పక్కింటావిడతో అనడం నా చెవిన పడింది. మా ఆయనకి చెబితే "అమ్మ సంగతి తెలిసిందే కదా, వదిలెయ్" అని నవ్వేశాడు. కానీ మర్నాడు బాబుని ఎత్తుకుని ఆ ఫ్రేము ముందు నిలబడి, ఆ ముఖమూ ఈ ముఖమూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒక బొమ్మ నా కాపురంలో నిప్పులు పోసేలా ఉంది.

అందరినీ ఆ స్టూడియోకి బయల్దేరదీశాను. అత్తగారు, మామగారు, మా ఆయన, నా చంకలో బాబు, ఇంకో చంకలో ఫ్రేము.

"ఇది ఎలా చేశారో చెప్పండి" అన్నాను ఫోటోగ్రాఫరుతో.

"ముందు మామూలుగా టచింగ్ చేశానమ్మా. మా దగ్గరికొచ్చిన ఏ ముఖానికైనా చేస్తాం. మీ రంగు కాస్త తేల్చి, సారు ముక్కు సన్నం చేసి, మీ పుట్టుమచ్చ తీసేసి..."

"అంటే మిషనుకి మా అసలు ముఖాలే ఇవ్వలేదన్నమాట."

"ఇచ్చినా అంతేనమ్మా" అని నసిగాడు. "అది కళ్ళు, ముక్కు, మూతి ఎక్కడున్నాయో గుర్తుపట్టి, రెంటికీ మధ్యస్థంగా ఒక ముఖం గీస్తుంది. చెవులూ జుట్టూ అదే కల్పించుకుంటుంది. ఎవరి ముక్కు బిడ్డకొస్తుందో దానికేం తెలుసు? సరదాకి చేసేది. మళ్ళీ నొక్కితే ఇంకో బాబొస్తాడు."

నొక్కాడు. అవే ముఖాలు, ఈసారి గుండ్రటి ముఖం, పిల్లి కళ్ళు. అత్తగారు నోరు తెరిచింది.

"సరదా అని బోర్డు మీద రాయొచ్చుగా?" అన్నాను.

"అయినా..." అని అత్తగారు మొదలుపెట్టింది.

ఆ మాటతో నాలో ఉన్న కాస్త ఓపికా అయిపోయింది. మామగారి ఫోన్లో వాళ్ళ పెళ్ళి ఫోటో ఉంటుంది. అడిగాను, నవ్వుతూ ఇచ్చారు. "అత్తయ్యా, ఇది కూడా కలిపిద్దామా? మీరు ఒప్పుకుంటేనే."

"ఓ, కలిపించు! నాకేం భయం?"

"వీళ్ళ కొడుకు పెద్దయ్యాక ఎలా ఉంటాడో చూపించండి" అన్నాను ఫోటోగ్రాఫరుతో.

తెర మీద ఒక కుర్రాడు వచ్చాడు. పసిమి ఛాయ, గుండ్రటి ముఖం, నుదుటి మీద ఒత్తుగా ఉంగరాల జుట్టు. ఆ పక్కనే మా ఆయన నిలబడి ఉన్నాడు. కోల ముఖం, పొడుగు ముక్కు, మెరిసే బట్టతల.

"ఛీ, వీడెవడు? వీడు నా కొడుకు కాదు!" అంది అత్తగారు.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెరనీ కొడుకునీ తీరిగ్గా పోల్చి చూశారు.

"అయితే వీడెవరి పోలికని ఇన్నేళ్ళకి నేను నిన్ను అడగాలంటావా?" అన్నారు.

ఫోటోగ్రాఫరు కిసుక్కుమన్నాడు. మా ఆయన పగలబడి నవ్వాడు. అత్తగారి ముఖం మాత్రం పాలిపోయింది. ఆ మాట అడిగించుకోవడమంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. చూసి నాకు జాలేసింది, కానీ కోపం తగ్గలేదు.

"నా ఫోటో తీసేయండి" అన్నాను ఫోటోగ్రాఫరుతో.

"నా కంప్యూటర్లోంచి తీసేస్తానమ్మా. ఆ ప్రోగ్రాము కంపెనీవాళ్ళ దగ్గరికి వెళ్ళింది మాత్రం నా చేతిలో లేదు."

నా ముఖం ఎవరి దగ్గరుందో కూడా ఇక తెలీదన్నమాట. అత్తగారు అదీ విన్నది. మెల్లిగా దగ్గరికొచ్చి, బాబు చప్పిడి ముక్కుని వేలితో తాకింది.

"తప్పయిపోయింది నాన్నా" అంది వాడితో.

వాడు ఆవులించాడు. బాబుని అందుకోవడానికి ఆవిడ చేతులు చాచింది. నేను ఇవ్వలేదు.

"వాడికేం తెలుసు అత్తయ్యా? నాతో చెప్పండి."

ఆవిడ మామగారి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. ఇద్దరూ కళ్ళతోనే నన్ను చూపించారు. అప్పుడు నా వైపు తిరిగింది.